అప్లికేషన్‌లో తప్పు పడింది: మెయిల్ పెట్టాలా, వాట్సాప్ చెయ్యాలా, మళ్లీ అప్లై చెయ్యాలా?

సబ్మిట్ నొక్కేశాకే తప్పు కనబడుతుంది. పాసైన సంవత్సరం 2023కి బదులు 2022 పడి ఉంటుంది, ఫోన్ నంబరులో రెండంకెలు అటూ ఇటూ అయి ఉంటాయి, కొత్త రెజ్యూమే అనుకుని పాతది ఎక్కించేసి ఉంటాం. శ్రీకాకుళం, విజయనగరం వైపు దీనికి ఇంకో కారణం కూడా తోడవుతుంది. చాలామందికి ఫారం నింపేది నెట్ సెంటర్ కుర్రాడు. మార్కుల మెమో చూసి అతను టకటకా కొట్టేస్తాడు, వెనక లైన్లో పదిమంది ఉంటారు, స్క్రీన్ చదవకుండానే మనం సరే అనేస్తాం.

తప్పు తెలిశాక ముందు నాలుగు దారులుంటాయి. రిక్రూటర్‌కి మెయిల్ పెట్టడం, వాట్సాప్‌లో చెప్పడం, ఫోన్ చెయ్యడం, సరిచేసి మళ్లీ అప్లై చెయ్యడం. ఐదోది ఊరుకోవడం, ఒక్కోసారి అదే సరైనది కూడా. ఏ దారి పట్టాలన్నది రెండు సంగతుల మీద ఆధారపడుతుంది: ఆ తప్పు వల్ల మిమ్మల్ని తీసుకోవాలా వద్దా అన్న నిర్ణయం మారుతుందా? మీ అప్లికేషన్ ఇప్పుడు ఎవరి దగ్గర ఉంది? రెండో ప్రశ్నను దాదాపు ఎవరూ వేసుకోరు. అందుకే మెయిల్ పంపినా పని జరగదు.

మీ వివరాలు అవతల ఏ రూపంలో ఉంటాయి

పైడిభీమవరం వైపు ఒక ఫార్మా యూనిట్ క్వాలిటీ కంట్రోల్‌లో కెమిస్టు పోస్టులు వేసిందనుకోండి. హెచ్‌ఆర్‌లో కూర్చున్న మనిషి వచ్చిన ప్రతి రెజ్యూమేనీ మళ్లీ మళ్లీ తెరిచి చూడరు. ఒకసారి చూసి ఎక్సెల్ షీట్లో ఒక వరుస రాసుకుంటారు: పేరు, ఫోన్, డిగ్రీ, పాసైన సంవత్సరం, పర్సంటేజి, అనుభవం, ఇప్పటి జీతం, నోటీస్ పీరియడ్. తర్వాత వడపోత అంతా ఆ షీట్ మీదే. డిపార్ట్‌మెంట్ హెడ్‌కి వెళ్లేదీ ఆ షీటే.

కాబట్టి మీరు "సరిచేసిన రెజ్యూమే పంపుతున్నాను, దయచేసి పరిశీలించండి" అని రాస్తే అవతల మనిషికి ఏ గడి మార్చాలో తెలియదు. రెండు రెజ్యూమేలూ పక్కపక్కన పెట్టుకుని తేడా వెతికే తీరిక వాళ్లకుండదు. కొత్త ఫైలు మెయిల్లో ఉండిపోతుంది, షీట్లో పాత అంకె ఉండిపోతుంది. ఇంటర్వ్యూ రోజున ప్యానెల్ చేతిలో ఉండేది ఆ పాత అంకే.

అంటే మీ మెసేజ్ చెయ్యాల్సిన పని ఒక్కటే. ఏ వరుసలో ఏ గడి, పాత విలువ ఏమిటి, కొత్త విలువ ఏమిటి, దానికి ఆధారం ఏమిటి అన్నది పది సెకన్లలో అర్థమవ్వాలి. పాత విలువ రాయడానికి చాలామంది మొహమాటపడతారు. తప్పును మళ్లీ ఎత్తి చూపినట్టు ఉంటుందని కొత్తది మాత్రమే రాస్తారు. కానీ షీట్లో వెతకడానికి వాళ్లకి దొరికే కొస ఆ పాత విలువే.

ముందు తప్పు బరువు తూచండి

మీ దగ్గరికి కబురే రానివ్వని తప్పులు కొన్ని: ఫోన్ నంబరు, మెయిల్ ఐడీ. వీటిని ఆ పూటే సరిచేయాలి. లేదంటే వాళ్లు ఫోన్ చేస్తారు, ఎవరో ఎత్తి రాంగ్ నంబర్ అంటారు, హెచ్‌ఆర్ తర్వాతి పేరుకి వెళ్లిపోతారు. మీరు మాత్రం ఇంకా పిలుపు రాలేదని చూస్తుంటారు. నెట్ సెంటర్ దగ్గర నింపించుకున్నవాళ్లు ఇది తప్పకుండా చూసుకోవాలి. త్వరగా అయిపోతుందని ఆ కుర్రాడు తన మెయిల్ ఐడీయే పెట్టేసి ఉండొచ్చు, అప్పుడు ఇంటర్వ్యూ కబురు అతని ఇన్‌బాక్సుకి వెళుతుంది.

నిర్ణయాన్ని మార్చే తప్పులు ఇంకొన్ని: పర్సంటేజి, పాసైన సంవత్సరం, బ్యాక్‌లాగులు, అనుభవం, ఇప్పటి జీతం, నోటీస్ పీరియడ్. ఇక్కడ ఒక గీత గట్టిగా గీసుకోవాలి. తప్పు మీకు లాభం చేసేలా ఉంటే, అంటే ఉన్నదానికన్నా ఎక్కువ చూపిస్తే, ఎవరూ గమనించకపోయినా చెప్పాలి. వెరిఫికేషన్‌లో బయటపడితే అది టైపింగ్ పొరపాటా, కావాలని రాసిందా అన్నది తేల్చే బాధ్యత ఎవరూ నెత్తిన వేసుకోరు, ఆఫర్ వెనక్కి తీసుకుంటారు. మీకు నష్టం చేసే తప్పు చెప్పడం మీ అవసరం, అది ఎలాగూ చెబుతారు.

ఇంజినీరింగ్ పిల్లల్లో తరచూ కనిపించేది ఒకటుంది. జేఎన్‌టీయూ కాకినాడ పరిధిలో కొన్ని బ్యాచ్‌లవాళ్లకి సీజీపీఏని పర్సంటేజికి మార్చే సూత్రం ఇది:

```
(CGPA − 0.75) × 10
```

7.1 ఉన్నవాళ్లకి ఇది 63.5 అవుతుంది. చాలామంది నేరుగా పదితో గుణించి 71 అని రాస్తారు, కొందరు సీబీఎస్‌ఈ అలవాటు కొద్దీ 9.5తో గుణించి 67.45 అంటారు. కటాఫ్ 65 అయితే ఈ తేడా చిన్నదేమీ కాదు. మీ బ్యాచ్ రెగ్యులేషన్‌కి ఏ సూత్రమో గ్రేడ్ షీట్‌లో గాని, కాలేజీ పరీక్షల విభాగంలో గాని చూసుకున్నాకే మెసేజ్ రాయండి. సరిచేసింది కూడా తప్పైతే మూడోసారి మీ మాట ఎవరూ వినరు.

మిగిలినవి వదిలెయ్యాల్సినవి. రెజ్యూమేలో ఒక స్పెల్లింగ్ తప్పు, అడ్రసులో వీధి పేరు, హాబీల కింద పడ్డ అదనపు కామా. టెన్త్ సర్టిఫికెట్లో ఇంటిపేరు పూర్తిగా ఉండి ఆధార్‌లో ఒక్క అక్షరమే ఉండడం కూడా ఇందులోకే వస్తుంది. అది అప్లికేషన్ తప్పు కాదు, డాక్యుమెంట్ల తేడా. చేరేటప్పుడు అడుగుతారు, అప్పుడు చూపించుకోవచ్చు. ఇలాంటివాటికి మెయిల్ పెడితే, తర్వాత నిజంగా అవసరమైన మెయిల్ పెట్టినప్పుడు దాని విలువ తగ్గిపోతుంది.

ఏ దారికి ఏ బలం

మెయిల్ నెమ్మది, కానీ సాక్ష్యం. ఆరు నెలల తర్వాత కూడా "నేను ఫలానా తేదీన చెప్పాను" అని చూపించగలిగేది అదొక్కటే. నిర్ణయం మార్చే తప్పు ఏదైనా సరే, ఇంకే దారిలో చెప్పినా మెయిల్ మాత్రం ఉండి తీరాలి. రిక్రూటర్ నుంచి మీకు ఇదివరకే మెయిల్ వచ్చి ఉంటే అదే మెయిల్‌కి రిప్లై ఇవ్వండి, సబ్జెక్ట్ మార్చకండి. జీమెయిల్లో సబ్జెక్ట్ మారిస్తే అది కొత్త సంభాషణగా విడిపోతుంది, పాతదానితో కలిసి కనబడదు. రిప్లైలో పాత అటాచ్‌మెంట్లు వాటంతట అవి రావు. అది మంచిదే, కొత్త ఫైలు ఒక్కటే పెట్టండి. ఇంతకుముందు మెయిల్ ఏదీ రాకపోతే కొత్త మెయిల్‌కి సబ్జెక్టుగా పోస్టు పేరు, అప్లికేషన్ నంబరు, ఏది సరిచేస్తున్నారో రాయండి: "క్యూసీ కెమిస్ట్ అప్లికేషన్, అనుభవం వివరాల సవరణ". ఒక్క "సవరణ" అని రాస్తే తెరవరు.

అప్లై చేసిన మెయిల్ ఐడీ నుంచే పంపాలి. తమ్ముడి మెయిల్ నుంచో, నెట్ సెంటర్ మెయిల్ నుంచో పంపితే ఆ పేరుతో వెతికినప్పుడు మీ అప్లికేషన్‌తో జత కుదరదు. అసలు తప్పు పడింది మెయిల్ ఐడీలోనే అయితే కొత్త ఐడీ నుంచి పంపి, మొదటి వాక్యంలోనే అప్లికేషన్ నంబరు, అప్లికేషన్లో ఉన్న ఫోన్ నంబరు రాయండి.

వాట్సాప్ వేగం. కన్సల్టెన్సీలు, జాబ్ మేళాకి వచ్చిన హెచ్‌ఆర్‌లు, కాంట్రాక్టర్ సూపర్‌వైజర్లు ఎక్కువగా ఇక్కడే మాట్లాడతారు. ఫోన్ నంబరు తప్పు, ఇంటర్వ్యూ తేదీకి సంబంధించిన తప్పు లాంటివి ఇక్కడ చెబితే గంటలో చూస్తారు. అయితే వాట్సాప్‌కి రెండు లోపాలున్నాయి. ఆ మనిషి ఉద్యోగం మానేసినా, ఫోన్ మార్చినా మీ మాట ఎక్కడా ఉండదు. పైగా ఆ మెసేజ్ కంపెనీ రికార్డులోకి చేరిందో లేదో మీకు తెలియదు. ఇంకో సంగతి: పంపిన మెసేజ్‌ని 15 నిమిషాల దాకా ఎడిట్ చేసుకోవచ్చు, కానీ అవతలివాళ్లు పాతది ఈలోగా చదివేసి షీట్లో కొట్టేసి ఉండొచ్చు. అంకె మారితే ఎడిట్ చెయ్యకుండా, "పైన రాసిన నంబరు తప్పు, ఇది సరైనది" అని కొత్త మెసేజ్ పెట్టడమే మేలు. వాట్సాప్ చేసే రిక్రూటర్ ముందుగా మిమ్మల్ని వాట్సాప్‌లో పలకరించిన మనిషై ఉండాలి. ఎవరి దగ్గరో నంబరు సంపాదించి చేస్తే ఎదురు తిరుగుతుంది.

ఫోన్ ఒక్క సందర్భానికే పనికొస్తుంది: ఇంటర్వ్యూ రేపో ఎల్లుండో ఉండి, మీ మెయిల్‌కి జవాబు రానప్పుడు. అంకెలు ఫోన్లో చెప్పకండి, చెబితే మళ్లీ తప్పు పడుతుంది. మెయిల్ పంపిన సంగతి మాత్రమే చెప్పాలి. "నమస్తే మేడమ్, క్యూసీ కెమిస్ట్ పోస్టుకి 14న అప్లై చేశానండి. అందులో అనుభవం తప్పు పడింది. సరైన వివరాలు ఈరోజు పొద్దున్న మెయిల్ చేశాను. ఇంటర్వ్యూలోపు ఒక్కసారి చూస్తారా?" ఇంతే, అరనిమిషం. ఉదయం పది, పదకొండు మధ్య చేస్తే మేలు. ప్లాంటుల్లో పనిచేసే హెచ్‌ఆర్‌లకి షిఫ్టు మారే వేళ గేటు దగ్గర పని ఎక్కువ, ఫోన్ ఎత్తరు.

మళ్లీ అప్లై చెయ్యడం చూడ్డానికి అన్నిటికన్నా శుభ్రంగా కనబడుతుంది. నిజానికి ఎక్కువ చిక్కులు తెచ్చేది అదే. పెద్ద కంపెనీల పోర్టళ్లు మెయిల్, ఫోన్ నంబరు చూసి ఒకే మనిషి రెండుసార్లు వచ్చాడని పట్టేస్తాయి. కొన్నిచోట్ల రెండోది ఆగిపోతుంది, కొన్నిచోట్ల రెండూ ఉండి ఏది నిజమో తెలియక పక్కన పెడతారు. కొన్ని పోర్టళ్లలో విత్‌డ్రా చేసుకున్న పోస్టుకి మళ్లీ అప్లై చెయ్యనివ్వరు కూడా. కాబట్టి మీ అకౌంట్లో ఎడిట్ అని కనబడితే ఎడిట్ చెయ్యండి, విత్‌డ్రా జోలికి మాత్రం చివరిదాకా వెళ్లకండి. లింక్డిన్లో ఈజీ అప్లై ద్వారా పంపింది తర్వాత ఎడిట్ అవ్వదు, అక్కడ మెసేజే దారి.

కన్సల్టెన్సీ ద్వారా వెళ్లినవాళ్లు నేరుగా కంపెనీకి మళ్లీ అప్లై చెయ్యనే చెయ్యకూడదు. మీ పేరు ఆ కన్సల్టెన్సీ తెచ్చిన అభ్యర్థిగా అక్కడ నమోదై ఉంటుంది. మీరు విడిగా కూడా వస్తే కమీషన్ ఎవరికన్న పేచీ మొదలవుతుంది, అలాంటి పేచీలో కంపెనీ సులువుగా చేసే పని ఇద్దరినీ వదిలెయ్యడం. సవరణ కన్సల్టెన్సీకే పంపి, "కంపెనీకి ఫార్వర్డ్ చేశాక నాకు చెప్పండి" అని అడగండి.

గూగుల్ ఫారం సంగతి విడిగా చెప్పుకోవాలి, ఎందుకంటే మన జిల్లాల్లో క్యాంపస్ డ్రైవ్‌లు, జాబ్ మేళాలు ఎక్కువగా దాని మీదే నడుస్తున్నాయి. ఫారం పెట్టినవాళ్లు అనుమతిస్తేనే సబ్మిట్ అయ్యాక "Edit your response" అనే లింకు వస్తుంది. మీ జవాబుల కాపీ మెయిల్‌కి వచ్చి ఉంటే అందులోనూ వెతకండి. ఆ లింకుతో మారిస్తే వాళ్ల షీట్లో అదే వరుస మారుతుంది, కొత్త వరుస పడదు. లింకు లేక మళ్లీ నింపితే మాత్రం మీ పేరుతో రెండు వరుసలు ఉంటాయి, ఒక్కోదానికీ సమయం ముద్ర ఉంటుంది. అప్పుడు ఒక చిన్న మెసేజ్ తప్పనిసరి: "నా పేరుతో రెండు వరుసలు ఉన్నాయి. 14వ తేదీ మధ్యాహ్నం 12.10కి నింపినది తీసుకోండి, ఉదయం 11.40ది వదిలెయ్యండి." ఎడిట్ లింకుతో మార్చినా ఒక మెసేజ్ పెట్టడం మంచిదే, ఎందుకంటే మీరు మార్చే సరికే వాళ్లు షీట్‌ని డౌన్‌లోడ్ చేసుకుని ఉంటే మీ మార్పు ఆ కాపీలోకి రాదు. జాబ్ పోర్టళ్లలో ప్రొఫైల్ మార్చినా ఇదే కథ. రిక్రూటర్ ముందే దించుకున్న ఫైలు మీరు ప్రొఫైల్లో ఏం మార్చినా మారదు.

ఒక కేసు పూర్తిగా: అనుభవం మూడేళ్లు అని పడింది

మన దగ్గర అన్నిటికన్నా తరచుగా జరిగేదీ, అన్నిటికన్నా తప్పుగా సర్దుకునేదీ ఇదే. బీఎస్సీ కెమిస్ట్రీ చదివిన ఎచ్చెర్ల వైపు అబ్బాయి ఒకడు పరవాడలోని ఒక యూనిట్‌కి 2024 అక్టోబర్ 14న అప్లై చేశాడనుకుందాం. ప్రకటనలో అనుభవం రెండు నుంచి నాలుగేళ్లు అడిగారు. ఫారంలో అతను "మొత్తం అనుభవం: 3 సంవత్సరాలు" అని, కంపెనీ గడిలో పైడిభీమవరంలోని ఒక పెద్ద ప్లాంటు పేరు రాశాడు.

అసలు లెక్క ఇది. 2022 జులై 1 నుంచి 2023 జూన్ 30 దాకా ఆ ప్లాంటులో అప్రెంటిస్. 2023 జులై 10 నుంచి 2024 సెప్టెంబర్ 9 దాకా అదే ల్యాబ్‌లో పని, కానీ జీతం ఇచ్చింది మ్యాన్‌పవర్ కాంట్రాక్టర్. పన్నెండు నెలలూ పద్నాలుగు నెలలూ కలిపి ఇరవై ఆరు, అంటే రెండేళ్ల రెండు నెలలు. దాన్ని మూడు చేశాడు, కాంట్రాక్టర్ పేరు రాయలేదు. అబద్ధం చెబుదామని కాదు. రోజూ వెళ్లిన గేటు ఆ ప్లాంటుదే, వేసుకున్న కోటు మీద పేరూ అదే. ఊళ్లో ఎవరైనా అడిగినా ఆ కంపెనీలో చేస్తున్నాడనే అంటారు.

వెరిఫికేషన్ చేసేవాళ్లు మాత్రం గేటు చూడరు, పీఎఫ్ చూస్తారు. యూఏఎన్‌లో సర్వీస్ హిస్టరీ తెరిస్తే సంస్థ పేరు, చేరిన తేదీ, మానేసిన తేదీ ఉంటాయి. అక్కడ కాంట్రాక్టర్ పేరే కనిపిస్తుంది, ప్లాంటు పేరు ఉండదు. అప్రెంటిస్ చట్టం కింద చేసిన ఏడాదికి పీఎఫ్ వర్తించదు కాబట్టి ఆ పన్నెండు నెలలు అక్కడ కనబడవు. మూడేళ్లు, పెద్ద కంపెనీ అని రాసిన మనిషికి పద్నాలుగు నెలలు, చిన్న ఏజెన్సీ అని తేలుతుంది. చూసినవాడికి అది పొరపాటులా అనిపించదు.

ఇప్పుడు అతని ముందున్న ఎంపికలు చూద్దాం. ఊరుకుంటే ఇంటర్వ్యూ దాకా నెట్టుకురావచ్చు, కానీ పైన చెప్పినట్టు చేరేముందో చేరాకో దొరుకుతాడు. పాత ఉద్యోగం మానేసి ఉంటే ఇంకా నష్టం. మళ్లీ అప్లై చేస్తే రెండు రకాల అనుభవంతో రెండు అప్లికేషన్లు అక్కడ పక్కపక్కన ఉంటాయి, అది మరీ అనుమానం. వాట్సాప్‌లో చెబితే అది కంపెనీ ఫైలులోకి చేరదు, వెరిఫికేషన్ ఏజెన్సీ దాన్ని చూడదు. కాబట్టి మెయిల్, అది కూడా షార్ట్‌లిస్టు కాకముందే. అప్రెంటిస్‌షిప్‌ని అనుభవంగా లెక్కించకపోతే అతను రెండేళ్ల గీత కింద పడిపోతాడన్నది నిజమే. కానీ లెక్కించే కంపెనీలూ ఉన్నాయి. ఆ నిర్ణయం వాళ్లది. అతను చెయ్యగలిగింది రెండింటినీ విడివిడిగా, తేదీలతో పెట్టడం. కలిపి ఒకే అంకె రాస్తే మళ్లీ అదే గొడవ.

మెయిల్ ఇలా ఉంటే చాలు:

> సబ్జెక్ట్: క్యూసీ కెమిస్ట్ అప్లికేషన్ (నంబరు …), అనుభవం వివరాల సవరణ
>
> నమస్తే మేడమ్,
>
> అక్టోబర్ 14న క్యూసీ కెమిస్ట్ పోస్టుకి అప్లై చేశాను. అందులో అనుభవం వివరాలు తప్పుగా ఇచ్చాను.
>
> అప్లికేషన్‌లో ఉన్నది: 3 సంవత్సరాలు, (ప్లాంటు పేరు).
>
> సరైనది: 2 సంవత్సరాల 2 నెలలు.
> అప్రెంటిస్: 01-07-2022 నుంచి 30-06-2023, (ప్లాంటు పేరు).
> కెమిస్ట్: 10-07-2023 నుంచి 09-09-2024, (కాంట్రాక్టర్ సంస్థ పేరు) రోల్ మీద, పని చేసిన చోటు (ప్లాంటు పేరు) క్యూసీ ల్యాబ్.
>
> అప్రెంటిస్‌షిప్ సర్టిఫికెట్, కాంట్రాక్టర్ ఇచ్చిన సర్వీస్ సర్టిఫికెట్, సరిచేసిన రెజ్యూమే జత చేశాను. మిగతా వివరాల్లో మార్పు లేదు. ఈ సవరణతో నా అప్లికేషన్ పరిశీలనలో ఉంటుందో లేదో తెలియజేయగలరు.
>
> (పేరు, అప్లికేషన్‌లో ఇచ్చిన ఫోన్ నంబరు)

ఇందులో "మిగతా వివరాల్లో మార్పు లేదు" అన్న వాక్యం చిన్నదే గాని పని ఎక్కువ చేస్తుంది. ఒక తప్పు ఒప్పుకున్న మనిషి ఇంకెన్ని తప్పులు రాశాడో అన్న సందేహం అవతల సహజంగానే వస్తుంది. అయితే ఆ వాక్యం రాసేముందు మొత్తం ఫారం నిజంగానే మళ్లీ చదవాలి. అందుకే తప్పు దొరికిన క్షణంలోనే మెయిల్ కొట్టెయ్యకుండా ఒక అరగంట కూర్చుని ప్రతి గడినీ సర్టిఫికెట్లతో సరిచూసుకోవడం మంచిది. ఇంకో తప్పు దొరికితే రెండూ ఒకే మెయిల్లో వెళతాయి. మూడు రోజుల్లో మూడు సవరణలు వచ్చిన అభ్యర్థి మీద ఎవరికీ నమ్మకం మిగలదు.

ఇక ఇందులో లేనివి. "నెట్ సెంటర్ వాడు తప్పు కొట్టాడు", "ఇంట్లో పెళ్లి హడావుడిలో చూసుకోలేదు", "ఎంతో బాధపడుతున్నాను, నా భవిష్యత్తు మీ చేతుల్లో ఉంది". మొదటిది నిజమే కావచ్చు, కానీ కింద పెట్టిన సంతకం మీది. పైన చెప్పిన వివరాలన్నీ నిజమని టిక్ పెట్టింది మీరు. కారణం అడిగితే ఫోన్లో చెప్పండి, ఒక్క ముక్కలో. క్షమాపణ కూడా ఒక్కసారి చాలు, "తప్పుగా ఇచ్చాను" అన్న మాటలోనే అది ఉంది.

రిక్రూటర్ ఇంగ్లిష్‌లో రాసే మనిషైతే ఇదే వరుసలో ఇంగ్లిష్‌లో రాయండి. వరుస మార్చకండి, పొడిగించకండి. ఇంగ్లిష్ రాదని వేరేవాళ్లతో రాయించుకునేటప్పుడు మొదట్లో నాలుగు గౌరవ వాక్యాలు చేరిపోతాయి, అసలు సంగతి ఫోన్ తెర దాటి కిందకి పోతుంది. హెచ్‌ఆర్ మెయిల్ తెరవగానే పాత విలువ, కొత్త విలువ రెండూ కనబడాలి.

ఫైలు పేరు కూడా చూసుకోండి. పాతదీ కొత్తదీ రెండూ `Resume.pdf` అయితే అవతల డౌన్‌లోడ్ ఫోల్డర్లో దాదాపు ఒకే పేరుతో పక్కపక్కన పడతాయి, ఏది ఏదో తెలియదు. మీ పేరు, పోస్టు, తేదీ పెట్టండి, ఉదాహరణకి `Peru_QC_Corrected_15Oct2024.pdf`. సర్టిఫికెట్ల ఫొటోలు విడివిడిగా ఆరు పంపకుండా ఒకే పీడీఎఫ్ చెయ్యండి, తేదీలు చదవగలిగేలా ఉన్నాయో లేదో ఫోన్లో పెద్దది చేసి చూసుకోండి.

పంపాక

పంపు నొక్కిన వెంటనే తప్పు కనబడితే జీమెయిల్లో కొన్ని సెకన్లపాటు అన్‌డూ ఉంటుంది. మామూలుగా ఐదు సెకన్లే, సెట్టింగ్స్‌లో 30 దాకా పెంచుకోవచ్చు. ఇలాంటి మెయిల్ పంపే ముందు అది పెంచుకోవడం మంచిది.

తర్వాత రెండు పనిదినాలు ఆగండి. ఇంటర్వ్యూ దగ్గరలో ఉంటే ఆ మరునాడే ఫోన్ చెయ్యొచ్చు. జవాబు రాకపోతే కొత్త మెయిల్ వద్దు, అదే మెయిల్ కింద ఒక్క వాక్యం: "పైన పంపిన సవరణ మీ రికార్డులో చేరిందో లేదో తెలియజేయగలరు." అప్పటికీ మౌనమే అయితే ఇంటర్వ్యూకి వెళ్లేటప్పుడు ఆ మెయిల్ ప్రింటు, సరిచేసిన రెజ్యూమే రెండు కాపీలు తీసుకెళ్లండి. గదిలోకి వెళ్లగానే, ప్రశ్నలు మొదలవ్వకముందే చెప్పండి: "సార్, మీ దగ్గరున్న షీట్లో అనుభవం మూడేళ్లని ఉండొచ్చు. అది రెండేళ్ల రెండు నెలలు. 15న మెయిల్ పంపాను, ఇదిగో కాపీ." మూడేళ్ల పని గురించి ప్రశ్నలు వేశాక చెబితే, దొరికిపోయి చెప్పినట్టుంటుంది.

ఆఫర్ వచ్చిన తర్వాత తప్పు తెలిసిందంటే మెయిల్ ఎవరికన్నది మారుతుంది. రిక్రూటర్ ఒక్కరికే కాకుండా ఆఫర్ లెటర్ మీద సంతకం చేసిన హెచ్‌ఆర్‌ని కూడా అందులో పెట్టాలి. అది కూడా బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్ ఫారం నింపకముందే. ఆ ఫారంలో సరైన వివరాలు రాసి అప్లికేషన్ గురించి మౌనంగా ఉండడం చాలామంది చేసే పొరపాటు. రెండు కాగితాలూ పోల్చి చూడడమే ఏజెన్సీ పని, తేడా కనబడితే రిపోర్టులో ఎర్రగా రాస్తారు. ముందే పంపిన మెయిల్ ఉంటే హెచ్‌ఆర్ ఆ తేడాకి కారణం చూపించగలుగుతారు.

ప్రభుత్వ పోస్టులకి ఇదేదీ వర్తించదు, అక్కడ రిక్రూటర్ అనే మనిషి ఉండడు. స్టాఫ్ సెలక్షన్ కమిషన్ లాంటివి నోటిఫికేషన్లోనే సవరణ విండో తేదీలు ఇస్తాయి. ఎస్సెస్సీలో మొదటి సవరణకి 200, రెండోసారి 500 రూపాయలు కట్టాలి. ఆ తేదీలు దాటాక మెయిల్ పంపి లాభం లేదు, కాబట్టి అక్కడ ఫారం నింపిన రోజే ప్రింటు తీసుకుని సరిచూసుకోవాలి.